కెప్టనుకు వదిలిన సాలు

చిత్రావతి పొంగి ఊళ్ళ మధ్య మట్టి బాటలు కోసుకుపోయిన ఏడాది అది. బాగేపల్లి చుట్టుపక్కల ఇప్పటికీ ఏ లెక్కకైనా ఆ వరదే గుర్తు. బిడ్డ ఎప్పుడు పుట్టింది అంటే వరదకు ముందు అంటారు. బోరు ఎప్పుడు వేశారు అంటే వరద పోయినాక అంటారు. రవీంద్ర కాలేజీ ఖో ఖో జట్టుకు కెప్టన్ అయింది కూడా ఆ ఏడాదే.

కెప్టన్ని చేసింది పీటీ మేష్ట్రు నరసింహయ్య. కారణం ఒకటే. రవీంద్ర మాదిరి పరుగెత్తేవాడు ఆ కాలేజీలో లేడు. తరిమితే చేతికి అందకుండా పోయేవాడు లేడు, తప్పించుకుంటే పట్టేవాడు లేడు. మేష్ట్రు పేరు చెప్పాడు, ఈల చేతికిచ్చాడు, పోయాడు.

అంతవరకే మేష్ట్రు పని. జట్టు మాట వినేది, విననిది ఆయన చేతిలో లేదు. మార్కులు వేసేది కెప్టన్ కాదు, హాజరు వేసేది కెప్టన్ కాదు. ఎదురుగా నిలబడినవాళ్ళందరూ తనతోబాటు అవే బెంచీల మీద కూర్చునేవాళ్ళే. రాకుంటే ఏమి చేస్తాడు? ఏమీ చేయలేడు.

రవీంద్ర పొద్దున్నే రమ్మంటే నలుగురు వచ్చేవారు. నాగేశ్ రమ్మంటే అందరూ వచ్చేవారు.

ఈ నాగేశ్ గూళూరు దారిలో ఒక పల్లె నుంచి బస్సులో వచ్చేవాడు. ఆటలో అంత గొప్పవాడేమీ కాదు. బరువు మనిషి. తరిమే వరసలో నడిమి గడిలో కూర్చునేవాడు. కానీ నోరు తెరిస్తే నవ్వే. ఎవరి అవ్వకు జ్వరం, ఎవరి ఆవు ఈనింది అని మనసారా అడుగుతాడు. రవీంద్రకు అది గిట్టేది కాదు. ఎందుకు గిట్టదో చెప్పమంటే చెప్పలేడు. ఒకసారి జట్టు బనియను వేసుకొని బస్సెక్కితే కండక్టరు చూసి, "ఏమప్పా, నాగేశ్ జట్టోడా నువ్వు?" అన్నాడు. ఆ మాట రవీంద్ర కడుపులో చాలా రోజులు ఉండిపోయింది. వీపున ఒకటో నంబరు ఉన్నది నాది. పేరు వాడిది.

వరద తీసేసరికి కాలేజీ గ్రౌండు బురద మడుగు మాదిరి ఉంది. రెండు స్తంభాల్లో ఒకటి పక్కకు వాలింది. తాలూకు మట్టం క్రీడాకూట, అంటే తాలూకు స్థాయి ఆటల పోటీలు, వానకు వాయిదా పడి, మళ్ళీ శుక్రవారమని పెట్టారు. మేష్ట్రు రవీంద్రను పిలిచి గట్టిగా చెప్పాడు.

"ఆడేదానికి తొమ్మిది మంది కావాల. బుధవారం సాయంత్రం గ్రౌండులో తొమ్మిది మందిని నా కండ్లకు చూపించు. లేదంటే జట్టు పేరు వాపసు తీసుకుంటా. సగం జట్టును తీసుకుపోయి కాలేజీ మానం తీసేది నాకొద్దు."

"చూపిస్తా సార్."

"చూపిస్తావో, నాగేశ్‌ను అడగమంటావో?"

మేష్ట్రు ఊరికే అన్నాడు. రవీంద్రకు అది ఊరికే అన్నట్టు అనిపించలేదు.

శనివారం గ్రౌండు బాగుచేసే పని పెట్టుకున్నారు. రవీంద్ర రాత్రే ఆలోచించుకొని వచ్చాడు. గట్టు మీద నిలబడి ఈల ఊదాడు.

"నువ్వు ఇసుక. నువ్వు ఇసుక. మునినారాయణా, నువ్వు నీళ్ళు. నాగేశా, నువ్వు సున్నం పట్టుకొని గీతలు గియ్యి. మీరిద్దరు స్తంభం నిలబెట్టండి."

మునినారాయణ సన్నటి పిల్లవాడు. జట్టులో తప్పించుకునేదానికి మొదట దిగే ముగ్గురిలో ఒకడు. బిందె ఎత్తుకుంటూ అడిగాడు.

"నువ్వేం చేస్తావు కెప్టనప్పా?"

"నేను చూసుకుంటాను."

"చూసుకునేదానికి మా శేన్లో కుండకు సున్నం పూసి పెడతాము. కాకులు రాకుండా."

అందరూ నవ్వారు. రవీంద్ర కూడా నవ్వాలని చూశాడు, కానీ మొహం సహకరించలేదు. నాగేశ్ నవ్వలేదు. సున్నం డబ్బా కింద పెట్టి, ఇసుక గంప ఎత్తుకున్నాడు. అన్నిటికంటే కష్టమైన పని అది. తడిసిన ఇసుక. వాడు ఎత్తుకోగానే ఇంకో ఇద్దరు వచ్చి గంపకు చెయ్యేశారు. కాసేపటికి అందరూ ఇసుక మోశారు, అందరూ స్తంభం నిలబెట్టారు. సున్నం మాత్రం ఎవరూ పట్టుకోలేదు. గీతలు లేని గ్రౌండులో ఆట ఆడలేక ఇంటికి పోయారు.

రవీంద్ర అనుకున్నాడు, నేను సున్నం గీయమని వాడికి తేలిక పని ఇచ్చాను. దానిని వదిలి ఇసుక ఎత్తుకున్నాడంటే, నన్ను చిన్న చేయాలనే. ఆ రాత్రి అన్నానికి కూర్చున్నాడు. అమ్మ వడ్డిస్తూ, "మొన్న సంతలో ఒక పిల్లోడు నా సంచి బస్సు దాకా మోసిచ్చినాడు. నీ దోస్తంట. నాగేశో ఏదో పేరు," అంది. రవీంద్ర సగంలో చెయ్యి కడుక్కున్నాడు.

ఆదివారం ఎండ కాసింది. అదే తంటా అయింది.

అన్ని రోజుల వానకు భూమిలో ఉన్న వేరుశెనగ మెత్తబడి ఉంది. ఎండ తగిలితే కాయ భూమిలోనే మొలక వేస్తుంది. మొలక వేసిన కాయ ఎవరికీ పనికిరాదు. ఎండ వచ్చిన రెండు మూడు రోజుల్లో చెట్టు పీకి తిరగేయాల. ఆ రోజుల్లో పల్లెల్లో మనిషి దొరకడు. కాలేజీలో సగం బెంచీలు ఖాళీగా ఉంటాయి.

గ్రౌండుకు ముగ్గురు వచ్చారు. ముగ్గురూ బాగేపల్లివాళ్ళే. రవీంద్ర వాళ్ళను పంపేసి తండ్రి స్కూటీ తీసుకొని నాగేశ్ వాళ్ళ పల్లె దారి పట్టాడు. రవీంద్ర తండ్రి సీనప్పది బాగేపల్లిలో శెనక్కాయల మండీ. తాతల కాలం నుంచి ఇతరులు పండించిన కాయ కొని అమ్మడమే గాని, వాళ్ళకు సెంటు పొలం లేదు. రవీంద్ర కాయను గోతాంలో చూశాడు గాని భూమిలో చూడలేదు.

పల్లెకు రాకముందే మునినారాయణ వాళ్ళ చేను దగ్గర నవ్వులు వినబడ్డాయి. స్కూటీ నిలబెట్టాడు. తన జట్టులో మిగిలినవాళ్ళంతా ఆ చేనిలో ఉన్నారు.

మునినారాయణ తండ్రి మీద వరదలో గోడ పడి కాలు విరిగింది. మంచం మీద ఉన్నాడు. తల్లి చౌడమ్మ ఒక్కతే. పిల్లలు సాళ్ళు పట్టి చెట్లు పీకి, మట్టి విదిలించి, కాయ పైకి వచ్చేటట్టు తిరగేసి పోతున్నారు. ఆ పనిలో ఆట ఒకటి పెట్టుకున్నారు. సాలు కొసకు ఒకడు వీపు తిప్పి కూర్చుంటాడు. పీకుతూ వచ్చినవాడు వాడి వీపు తట్టి "ఖో" అంటాడు. కూర్చున్నవాడు లేచి పక్క సాలు అందుకుంటాడు. వచ్చినవాడు వాడి చోట కూర్చొని అలుపు తీర్చుకుంటాడు. ఇట్ల అందరికీ పనీ దొరుకుతుంది, అందరి నడుముకూ విశ్రాంతి దొరుకుతుంది. ఆ ఉపాయం నాగేశ్‌దే అయివుండాల. చూడగానే తెలిసింది రవీంద్రకు.

నా కోసం గ్రౌండుకు రానివాళ్ళు, వీడి కోసం చేని బురదలో ఆడుతున్నారు. నేను లేకుండానే ఆడుతున్నారు.

"ఓ కెప్టనప్పా! దిగు. నీకొక సాలు వదిలిపెట్టినాము," అని అరిచాడు మునినారాయణ. నిజంగానే నడిమిలో ఒక సాలు అట్లే నిలబడి ఉంది.

"కూలి పనికి రాలేదు నేను. శుక్రవారం ఆటుండాది. గుర్తుండాదా మీకు?"

"ఉండాదప్పా. ఈ కాయ మొలకేస్తే మా అమ్మకు సంవత్సరమంతా ఏడుపు. అది కూడా గుర్తుండాది."

నాగేశ్ లేచి నిలబడ్డాడు. ఒళ్ళంతా మట్టి. "రా రవీంద్రా. ఇయ్యాల వీళ్ళది, రేపు మన జట్టు మునియప్పది, ఎల్లుండి మాది. మంగళవారానికి అందరివీ అయిపోతాయి. బుధవారం నుంచి నువ్వు చెప్పినట్ల వింటాము."

నువ్వు చెప్పినట్ల వింటాము. ఆ మాట చెప్పేది కూడా వీడే. వాళ్ళ తరపున.

రవీంద్ర బూట్ల వైపు చూసుకున్నాడు. చెయ్యి ఊపి స్కూటీ తిప్పాడు. దారి పొడుగునా ఒకటే ఆలోచన. వీడు వీళ్ళను పనితో కొనుక్కున్నాడు. సరే. పని నేనూ ఇప్పించగలను.

రాత్రి తండ్రి దగ్గర కూర్చున్నాడు.

"నాయనా, మండీలో హమాలీలు ఊరికే కూర్చున్నారు కదా. ఇద్దరిని రేపటికి ఇస్తావా?"

"ఎందుకురా?"

"మా జట్టులో ఒకని చేన్లో పని. వాళ్ళు చేస్తే మావాళ్ళు ప్రాక్టీసుకు వస్తారు."

సీనప్ప కొడుకు మొహం చూశాడు. ఏమనుకున్నాడో గాని, "తీసుకుపో," అన్నాడు.

సోమవారం పొద్దున లగేజీ ఆటోలో ఇద్దరు హమాలీలు వెనక కూర్చున్నారు. రవీంద్ర ముందు డ్రైవరు పక్కన కూర్చున్నాడు. ఆ రోజు అతనికి చాలా రోజుల తర్వాత మనసు తేలిగ్గా ఉంది. గట్టు మీద నిలబడి ఏం మాట్లాడాలో కూడా దారిలో చెప్పుకున్నాడు.

మునినారాయణ వాళ్ళ చేనిలో ఇంకా కొంచెం మిగిలి ఉంది. పిల్లలందరూ ముందు దాన్ని తీర్చి, ఆ తర్వాత మునియప్ప వాళ్ళ చేనికి పోవాలని వచ్చి ఉన్నారు. రవీంద్ర దిగాడు.

"చౌడమ్మా, వీళ్ళిద్దరూ మా మండీలో మనుషులు. మిగిలిన పని వీళ్ళు చేస్తారు. నీకేమీ ఖర్చు లేదు. మా జట్టోళ్ళను గ్రౌండుకు పంపించేయమ్మా."

చౌడమ్మ నడుము ఎత్తింది. చేతిలో చెట్టు అట్లే ఉంది. వేర్ల నుంచి మట్టి రాలుతోంది.

"ఎవరు చెప్పినారప్పా మనుషులు కావాలని?"

"ఎవరూ చెప్పలేదు. నేనే తీసుకొచ్చినా."

"నువ్వెవరి తరపున?"

"కెప్టన్ని అమ్మా."

పిల్లల్లో ఎవరో ముక్కులో నవ్వారు. చౌడమ్మ నవ్వలేదు.

"ఈ పిల్లోళ్ళు కూలికొచ్చినారు అనుకుంటివా? ముయ్యికొచ్చినారు. ఇయ్యాల మా శేన్లోకి వాళ్ళు, రేపు వాళ్ళ శేన్లోకి నా కొడుకు. మా ఇంటాయన కాలు బాగుంటే ఆయన. కూలోడు పొద్దుగూకితే పోతాడు. ముయ్యికొచ్చినోడు రేపు మా ఇంట్లో చావొచ్చినా వస్తాడు." ఆమె చెట్టును కింద పెట్టింది. "ముయ్యికి తాను రాకుండా కూలోన్ని పంపితే ఏమని అర్థమో తెలుసునా నీకు? ఇంక మీ గడప తొక్కము అని. ఎవరి తరపున తెచ్చినావు నువ్వు ఆ మాట? వీళ్ళందరి తరపునా?"

హమాలీల్లో పెద్దాయన తుండు భుజాన వేసుకున్నాడు. "మేము పోతామమ్మా. మాకు తెలీదు. తప్పుగా అనుకోవద్దు."

"మీదేం తప్పులే నాయనా. మజ్జిగ తాగి పోండి," అంది చౌడమ్మ. వాళ్ళకు చెంబుతో మజ్జిగ ఇచ్చింది. రవీంద్రకు కూడా ఇచ్చింది. ఇవ్వకుంటే బాగుండేది. అందరూ చూస్తుంటే తాగాడు.

మునినారాయణ తల్లి వైపూ చూడలేదు, కెప్టన్ వైపూ చూడలేదు. సాలు అందుకొని పీకుతున్నాడు. వాడి చెవులు ఎర్రబడి ఉన్నాయి.

నాగేశ్ ఒక్కడు ఆటో దాకా వచ్చాడు.

"రవీంద్రా..."

"పోరా. నీకు కావాల్సింది ఇదేగా."

మంగళవారం గ్రౌండుకు ఒక్కడు కూడా రాలేదు. ఊరి ముగ్గురు కూడా రాలేదు. స్తంభాలు రెండూ నిటారుగా ఉన్నాయి. సున్నం డబ్బా ఎక్కడ పెట్టింది అక్కడే ఉంది. రవీంద్ర ఈల నోట్లో పెట్టుకొని, ఊదక, మళ్ళీ జేబులో వేసుకున్నాడు. స్తంభాల మధ్య తానొక్కడే రెండు చుట్లు పరుగెత్తాడు. ఇంత వేగంగా ఎప్పుడూ పరుగెత్తలేదు. చూసేవాడు లేడు.

సాయంత్రం బస్టాండులో టీ అంగడి దగ్గర నాగేశ్ కనబడ్డాడు. ఏదో పని మీద ఊళ్ళోకి వచ్చి, పల్లె బస్సు కోసం నిలబడి ఉన్నాడు. అరిచేతులు పగిలి ఉన్నాయి. టీ గ్లాసు వేళ్ళ కొసలతో పట్టుకున్నాడు.

"అందరినీ ఆపేసినావు," అన్నాడు రవీంద్ర. పలకరింపు లేదు, ఏమీ లేదు.

"నేనెందుకు ఆపుతానప్పా?"

"నువ్వు పిలిస్తే వస్తారు. నువ్వు వద్దంటే రారు. అందరికీ తెలుసు. నువ్వే ఉండు కెప్టనుగా. మేష్ట్రుకు చెప్తా పో."

నాగేశ్ టీ పక్కన పెట్టాడు. అప్పుడు వాడి మొహంలో నవ్వు లేదు. రవీంద్ర ఆ మొహం అంతకుముందు చూడలేదు.

"నాకు కెప్టన్‌గిరి ఎందుకురా? పరుగెత్తలేను. నీకు తెలుసునా, నేనెట్ల కూర్చుంటానో ఆ గడిలో? ఒక పక్కకే చూసుకొని కూర్చోవాల. ఎనక పక్క ఏం జరుగుతాందో కనబడదు. నీ అడుగులు మాత్రం వినబడతాయి. నా వీపు దాకా వస్తావు. ఇప్పుడు ఖో అంటాడు, ఇప్పుడు అంటాడు అని లేచేదానికి కాళ్ళు బిగబట్టుకోని ఉంటా. నువ్వు దాటుకోని పోతావు. పోయిన ఏడాది ఆటలో ఒక్కసారైనా నాకు ఖో ఇచ్చినావా? తప్పించుకునేటోడు నా పక్కకు తిరిగినాడు, నేను లేచింటే రెండడుగుల్లో దొరికేటోడు. నువ్వు స్తంభం దాకా పరుగెత్తుకోనే పోతివి. వాడు తప్పించుకునె. అందరూ నీ పరుగుకు చప్పట్లు కొట్టిరి."

రవీంద్రకు ఆ ఆట గుర్తుంది. చప్పట్లు గుర్తున్నాయి. నాగేశ్ ఎక్కడ కూర్చున్నాడో గుర్తులేదు.

"నాకు నీ కాళ్ళంటే ఎంత కడుపుమంటో తెలుసునా నీకు?" అన్నాడు నాగేశ్. "రాత్రుళ్ళు కలలో కూడా నీ మాదిరి పరుగెత్తుతాండా. లేస్తే ఇవే బోడి కాళ్ళు."

ఇంతకాలం తనొక్కడికే ఉందనుకున్నది వాడి దగ్గర కూడా ఉంది. రవీంద్రకు దానితో ఊరట కలగాల్సింది. కలగలేదు. వాడు ఎంత తేలిగ్గా పైకి చెప్పేశాడు అని దానికి కూడా కుళ్ళుకున్నాడు.

"మరి నువ్వు పిలిస్తే వస్తారే?"

"వాళ్ళు పిలిచినప్పుడు నేను పోయినా. అంతే. అందులో మంత్రమేముండాది?"

బస్సు వచ్చింది. నాగేశ్ మెట్టెక్కి వెనక్కి తిరిగాడు.

"ఆ సాలు అట్లే ఉండాది. మిగతాదంతా అయిపోయింది. నిన్న నువ్వు పోయినాక పీకబోతే ఆ యమ్మే వద్దనింది."

"ఎందుకు?"

"ఏమో అప్పా. ఆడోళ్ళు. నేనేం అడగలేదు." తలుపు పట్టుకొని ఇంకొక మాట అన్నాడు. "రేపు మధ్యాహ్నానికి మొలకొస్తాది దానికి."

బస్సు పోయింది. రవీంద్ర అక్కడే నిలబడ్డాడు. రేపు బుధవారం. సాయంత్రం మేష్ట్రు వచ్చి గ్రౌండులో నిలబడతాడు. ఇప్పుడే పోయి, సార్, కెప్టన్ నాగేశ్ అంటే అయిపోతుంది. తొమ్మిది మందీ వస్తారు. ఆట జరుగుతుంది. తనూ ఆడతాడు. చప్పట్లు కూడా తనకే. మేష్ట్రు ఇల్లు మార్కెట్ వెనకే ఉంది. ఆ సందు దాకా పోయాడు. లోపల లైటు వెలుగుతోంది. పిలవకుండా వెనక్కి వచ్చాడు.

మరుసటి రోజు పొద్దున తండ్రి స్కూటీని ముట్టలేదు. మొదటి బస్సెక్కాడు. బూట్లు ఇంట్లోనే వదిలాడు.

చేనంతా తిరగేసిన చెట్లతో పడుకొని ఉంది. నడిమిలో ఆ ఒక్క సాలు నిలబడి ఉంది, తలకు క్షౌరం చేసి పిలక వదిలినట్టు. చౌడమ్మ ఆ మూల కాయలు తెంపుతూ కూర్చుంది. వచ్చినవాడిని చూసింది. రమ్మనలేదు, పొమ్మనలేదు.

రవీంద్ర వంగి మొదటి చెట్టు పట్టుకొని లాగాడు. కొమ్మ తెగి చేతికి వచ్చింది, వేరు భూమిలోనే ఉండిపోయింది.

"మొదలు పట్టుకో," అంది చౌడమ్మ. "ఎంటిక పట్టుకుంటే మనిషొస్తాడా?"

మొదలు పట్టుకున్నాడు. వచ్చింది. మట్టి విదిలించాడు. కంట్లో పడింది. కాయ పైకి వచ్చేటట్టు తిరగేశాడు. మళ్ళీ వంగాడు. అంత వేగంగా పరుగెత్తే కాళ్ళు వంగి నడవడానికి సహకరించలేదు. సాలు సగానికి వచ్చేసరికి నడుము తనది కాదనిపించింది. అరిచేతిలో బొబ్బ లేచి పగిలింది.

అప్పటికి పిల్లలు ఒక్కొక్కరే వచ్చారు. చేని వారగా వచ్చి కాయలు తెంపేదానికి చౌడమ్మ పక్కన కూర్చున్నారు. మునినారాయణ చూసి ఆగాడు.

"అమ్మా, కూలోడు ఎప్పుడొచ్చె?"

"నోరు మూసుకోని కాయలు తెంపురా. ముయ్యికొచ్చినాడు."

ఆ మాట రవీంద్ర విన్నాడు. తల ఎత్తలేదు.

కొంచెం సేపటికి చౌడమ్మే అడిగింది. "అప్పా, మీకు శేనుందా?"

"లేదమ్మా. మండీనే."

"మరి ఈ ముయ్యి మేము యాడ తీర్చాల? మా మీద పెట్టుకోని ఉండలేము."

రవీంద్ర నడుము ఎత్తి నిలబడ్డాడు. దారిలో బస్సులో ఎన్నో మాటలు చెప్పుకున్నాడు. శుక్రవారం గురించి, మేష్ట్రు గురించి. అవేవీ నోటికి రాలేదు.

"గ్రౌండుండాదమ్మా. సున్నం గీతలు గీయాల. నేనొక్కడినే గీస్తే వంకరగా పోతాది. ఒకరు దారం పట్టుకోవాల."

"దారం పట్టుకునేదే కదా," అన్నాడు మునినారాయణ. "సాయంత్రం నేను పట్టుకుంటా. మా అమ్మ బాకీ నేను తీర్చాల కదా."

"ఆ పక్క కొసకు నేను," అన్నాడు మునియప్ప.

"నేను సున్నం కలుపుతా, కానీ కెప్టన్ చూసుకుంటాను అనకూడదు," అన్నాడు ఇంకొకడు. నవ్వారు. ఈ సారి రవీంద్రకు కూడా నవ్వు వచ్చింది, కానీ కొంచెమే.

సాలు కొసకు నాగేశ్ వచ్చి కూర్చొని ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో. వీపు ఇటు, మొహం అటు. తిరిగి చూడడంలేదు. ఏదో చెప్తున్నాడు, పిల్లలు పడి పడి నవ్వుతున్నారు. ఆ నవ్వు విని రవీంద్ర కడుపులో మళ్ళీ అదే మంట లేచింది. మిగిలిన చెట్లు పది కూడా లేవు. తానొక్కడే తీర్చేయగలడు. సాలంతా తనదే అయిపోతుంది. ఎవరూ కాదనరు.

ఇంకొక చెట్టు పీకాడు. మట్టి విదిలించి తిరగేశాడు. మిగిలినవి అట్లే వదిలి నాగేశ్ దగ్గరికి పోయాడు. వాడి భుజాలు బిగుసుకొని ఉన్నాయి. కాళ్ళు లేవడానికి సిద్ధంగా ఉన్నాయి.

రవీంద్ర బొబ్బ పగిలిన చెయ్యి ఆ వీపు మీద పెట్టాడు.

"ఖో."

నాగేశ్ లేచాడు. ఆ బరువు మనిషి ఎంత తొందరగా లేచాడో రవీంద్ర అప్పుడే చూశాడు. మిగిలిన చెట్లు అందుకున్నాడు. రవీంద్ర వాడు లేచిన చోట వెచ్చటి మట్టిలో కూర్చున్నాడు, మొహం అటు తిప్పి, వీపు వాళ్ళకు పెట్టి. వెనక నాగేశ్ మళ్ళీ ఏదో అన్నాడు. అందరూ నవ్వారు. ఏమన్నాడో వినబడలేదు.

వెనక్కి తిరిగి చూడలేదు. ఖో వచ్చేదాకా అట్లే కూర్చున్నాడు.